ఫొటో పోయినా పని ఆగకూడదంటే ఎనిమిది లైన్లు టైప్ చేయండి

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక అలవాటుంది. ఎవరైనా "ఎర్రర్ వస్తోంది" అని స్క్రీన్‌షాట్ పంపితే, దాని కిందే ఆ ఎర్రర్‌ని అక్షరాల్లో కూడా పెట్టమంటాం. బొమ్మలో ఉన్న మాటను తర్వాత వెతకలేం, కాపీ చేసుకోలేం. ఆ బొమ్మ ఎప్పుడైనా తెరుచుకోకపోతే అక్కడ ఏముందో ఎవరికీ గుర్తుండదు. అక్షరం అలా కాదు. ఎక్కడైనా బతుకుతుంది.

ఈ అలవాటు ఆఫీసు కంటే ఎక్కువగా పనికొచ్చే చోటు ఒకటుంది. అరకు, డుంబ్రిగుడ, పెదబయలు, ముంచింగిపుట్టు వైపు కొండల మీది ఊళ్లు. అక్కడ చాలా ఇళ్లలో ఉన్న అతి విలువైన కాగితం ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా, లేదా ఆ పట్టా కోసం పెట్టుకున్న దావా మీద వచ్చిన లెటర్. పోడు చేసుకున్న భూమి మీద హక్కు ఇచ్చేది 2006 నాటి అటవీ హక్కుల చట్టం. ఇప్పుడు ఆ కాగితం చదివి సలహా చెప్పేవాళ్లు పాడేరులోనో విశాఖలోనో ఉంటారు. కాగితం మాత్రం కొండ మీద ఉంటుంది. మధ్యలో ఉన్నది ఫోన్‌లో తీసిన ఒక ఫొటో. ఆ ఫొటో పోతే సాయం కూడా ఆగిపోతుంది. ఆగకుండా ఏం చేయొచ్చో ఈ వారం చెప్పుకుందాం.

ఫొటో ఎలా పోతుంది?

వాట్సాప్‌లో మెసేజ్, ఫొటో ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఫోన్ వాటిని విడివిడిగా దాస్తుంది. మెసేజ్‌లన్నీ ఒక డేటాబేస్ ఫైల్లో ఉంటాయి. ప్రతి ఫొటో వేరే ఫైలుగా ఇంకో ఫోల్డర్లో ఉంటుంది. "స్టోరేజ్ ఫుల్" అని వచ్చినప్పుడు మనం తుడిచేది ఆ రెండో ఫోల్డర్నే. మెసేజ్‌లు అలాగే మిగులుతాయి, ఫొటో ఉన్న చోట మసకబారిన చిన్న బొమ్మ మాత్రం కనిపిస్తుంది. దాన్ని నొక్కితే, పంపినవాళ్లని మళ్లీ పంపమని అడగండి అంటుంది.

సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఇంకో చిక్కుంది. వచ్చిన ఫొటోని వెంటనే డౌన్‌లోడ్ చేయకుండా "తర్వాత చూద్దాం" అని వదిలేస్తాం. సర్వర్ దగ్గర అది శాశ్వతంగా ఉండదు, కొన్నాళ్లే ఉంటుంది. ఆ తర్వాత ఎంత నొక్కినా రాదు. ఆ లోపు పంపినవాళ్ల ఫోన్ కూడా పాడైతే ఫొటో ఇక లేనట్టే.

అసలు కాగితం ఉందిగా అంటారేమో. కొండ మీద వానాకాలం సంగతి తెలిసినవాళ్లు ఆ మాట అనరు. చూరులో దోపిన కాగితం, ప్లాస్టిక్ కవర్లో పెట్టినా చెమ్మ పట్టేస్తుంది. ముందుగా చెరిగిపోయేవి పెన్నుతో రాసినవి, అంటే నంబరు, తేదీ, సంతకం. అచ్చు వేసిన మాటలు మిగులుతాయి, కానీ అవి అన్ని లెటర్లలోనూ ఒకటే కాబట్టి మనకి పెద్దగా ఉపయోగపడవు.

ఒక లెటర్ కథ

2023 జూన్‌లో జరిగింది ఇది. ఊరి పేరు, ఆఫీసు పేరు చెప్పను. నాతో ఇంజనీరింగ్ చదివిన ఫ్రెండ్‌ది అరకు పైన కొండ మీద ఊరు. వాళ్ల మావయ్య పోడు భూమికి పెట్టిన దావాని సబ్‌డివిజన్ స్థాయి కమిటీ తిరస్కరించింది. లెటర్ జూన్ 19న చేతికొచ్చింది. మా వాడు సిగ్నల్ ఉండే మెట్ట ఎక్కి ఫొటో తీసి పంపాడు. "ఆధారాల్లేవని కొట్టేశార్రా. ఇంకేం చేయలేమంట" అని కింద ఒక లైను రాశాడు.

ఫొటో అదృష్టం కొద్దీ డౌన్‌లోడ్ అయింది. నేను ఆ రాత్రే దాన్ని పెద్దది చేసుకుని, ముఖ్యమైన లైన్లు ఒక్కొక్కటీ టైప్ చేశాను. దాన్ని ఎస్ఎంఎస్‌గా మా వాడికీ, వాళ్ల మావయ్య దగ్గరున్న కీప్యాడ్ ఫోన్‌కీ పంపాను.

టైప్ చేసేటప్పుడే ఒక సంగతి బయటపడింది. మా వాడు చెప్పింది "ఆధారాల్లేవు" అని. లెటర్లో ఉన్నది వేరు. 13-12-2005 కంటే ముందు నుంచి సాగులో ఉన్నట్టు చూపే రెండో ఆధారం జతపరచలేదు అని ఉంది. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ మొదటిదానికి అర్థం మీ దగ్గర ఏమీ లేదని. రెండోదానికి అర్థం ఒకటి ఉంది, ఇంకోటి తెండి అని. చేయాల్సిన పని పూర్తిగా మారిపోతుంది.

జూలైలో వానలు పట్టుకున్నాయి. మా వాడి ఫోన్ తడిసింది. బాగుచేసిన షాపులో రీసెట్ చేసి ఇచ్చారు, ఫొటోలన్నీ పోయాయి. చూరులో పెట్టిన లెటర్ తడిసి, పెన్నుతో రాసిన భాగం నీలం మరకైపోయింది. నా ఫోన్ కూడా ఆ నెలలోనే మారింది. బ్యాకప్ నుంచి మెసేజ్‌లు వచ్చాయి, ఆ ఫొటో రాలేదు. ఆ మసక బొమ్మ మాత్రం మిగిలింది. మావయ్య కీప్యాడ్ ఫోన్‌లో ఎస్ఎంఎస్ ఉంది. అప్పటికి దాని మీదే ఆధారపడాల్సి వచ్చింది.

ఆగస్టు మొదటి వారంలో పాడేరులో ఒక లాయర్ మేడంతో మాట్లాడే వీలు దొరికింది. ఆవిడ బస్సులో ఉన్నారు, ఫోన్ కట్ అవుతూ ఉంది. "బాబూ, ఫొటోలేమీ వద్దు. నాలుగే చెప్పండి. నంబరెంత, లెటర్ మీద తేదీ ఏంటి, మీ చేతికి ఎప్పుడొచ్చింది, కారణం అని ఏం రాశారు. కారణం మాత్రం మీ మాటల్లో కాదు, వాళ్ల మాటల్లో చదవండి" అన్నారు. మావయ్య మనవరాలు ఎస్ఎంఎస్ చూసి చదివింది. రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఆ నాలుగింటితో ఏం తేలింది

ఈ చట్టం కింద దావా ముందు గ్రామసభకి, అక్కడి నుంచి సబ్‌డివిజన్ కమిటీకి, చివరికి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీకి వెళ్తుంది. సబ్‌డివిజన్ కమిటీ నిర్ణయం నచ్చకపోతే జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. గడువు 60 రోజులు. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం తిరస్కరణని దావాదారుకి స్వయంగా తెలియజేయాలి, అర్జీకి 60 రోజులు ఇవ్వాలి. కమిటీ ఒప్పుకుంటే మరో 30 రోజులు పొడిగించవచ్చు. జిల్లా కమిటీ చెప్పిందే ఆఖరి మాట.

అందుకే మేడం రెండు తేదీలూ అడిగారు. లెటర్ మీద 12-06-2023 ఉంది. అక్కడి నుంచి లెక్కేస్తే 60 రోజులు ఆగస్టు 11కి పూర్తవుతాయి. చేతికి అందిన జూన్ 19 నుంచి లెక్కేస్తే ఆగస్టు 18. "వాదించుకోవడానికి 18 ఉందిలెండి. కానీ మనం 11 లోపే ఇచ్చేద్దాం, ఎవరికీ మాట అనే అవకాశం ఉండదు" అన్నారావిడ. అందిన తేదీ లెటర్లో ఎక్కడా ఉండదు. ఆ రోజు మనం రాసుకుంటేనే ఉంటుంది.

కారణం వాళ్ల మాటల్లోనే ఉండబట్టి తర్వాతి అడుగూ తెలిసింది. సాగుకి రుజువుగా ఏమేం చూపొచ్చో నిబంధనల్లో ఒక జాబితా ఉంది. పాత రసీదులు, గుర్తింపు కార్డుల లాంటి కాగితాలే కాదు. భూమి మీద కనిపించే గట్లు, చదును చేసిన మడి, గుడిసె కూడా ఆధారమే. దావాదారు కాని ఊరి పెద్ద ఎవరైనా చెప్పింది రాసి పెట్టినా ఆధారమే. మావయ్య మొదటి దావాలో ఒక కాగితం పెట్టాడు. రెండోదిగా పక్క వీధి తాతగారి చేత చెప్పించి, రాయించి, వేలిముద్ర వేయించారు. దాంతో పాటు భూమి మీద గట్ల వివరం కూడా రాసి, ఆగస్టు 8న అర్జీ ఇచ్చారు.

ఏ లైన్లు టైప్ చేయాలి

లెటర్ మొత్తం టైప్ చేయాల్సిన పని లేదు. చేయబోతే సగంలో విసుగొచ్చి మానేస్తాం. ఎనిమిది లైన్లు చాలు. ఎవరి పేరు మీద వచ్చింది, తండ్రి లేదా భర్త పేరు. ఏ ఆఫీసు పంపింది. నంబరు. తేదీ. విషయం దగ్గర ఉన్న ఒక లైను. నిర్ణయం, దానికి కారణం ఉన్న వాక్యం, మార్చకుండా. మనల్ని ఏం చేయమన్నారు, ఎప్పటి లోపు. సంతకం చేసినవాళ్ల హోదా. ఇవన్నీ అయ్యాక వేరే లైన్లో మనది అని చెప్పి చేతికి అందిన తేదీ.

కాగితం తిరస్కరణ కాకుండా పట్టా అయితే ఇంకో రెండు కలపాలి. విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు. ఈ పట్టా వారసులకి వస్తుంది గానీ అమ్మడానికి లేదు. అందుకే పదేళ్ల తర్వాత పిల్లలు పంచుకునేటప్పుడు అందరూ చూసేది ఆ హద్దుల లైన్లనే.

దిద్దకండి

బాగా చదువుకున్నవాళ్లం ఎక్కువగా తప్పే చోటు ఇది. కాగితంలో తప్పు కనిపిస్తే చెయ్యి ఆగదు, సరిచేసేస్తాం. ఆఫీసు రికార్డులో వెతికేవాళ్లకి కావాల్సింది సరైన పేరు కాదు, రికార్డులో ఉన్న పేరు. కాగితంలో ఇంటిపేరు "కొర్ర" అని ఉండి ఆధార్‌లో "కొర్రా" అని ఉంటే, కాగితంలో ఉన్నట్టే కొట్టండి. తేడా ఉందని చెప్పాలంటే పక్కన బ్రాకెట్లో మీ మాటగా రాయండి.

జిల్లా పేరు ఇంకా ముఖ్యం. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు ఇచ్చిన పట్టాల మీద విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. "ఇప్పుడు జిల్లా మారింది కదా" అని మార్చి కొడితే, పాత ఫైలు వెతికేవాళ్లని మనమే తప్పుదారి పట్టించినట్టు.

హద్దుల్లో స్థానిక మాటలు వస్తాయి. తూర్పు హద్దు "గెడ్డ" అని ఉంటే, ఈ ప్రాంతం తెలియని ఫ్రెండ్ ఎవరో అది అచ్చుతప్పు అనుకుని "గడ్డ" అని కొట్టేస్తాడు. ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే వాగు. ఒక్క ఎత్వం పోతే పొలానికి తూర్పున ఉన్న వాగే మాయమైపోతుంది.

అర్థం కాని చోట ఊహించకండి

చేత్తో రాసిన 1కి పైన కొక్కెం ఉంటే 7లా కనిపిస్తుంది. 0, 6 కూడా అంతే. మావయ్య లెటర్లో విషయం దగ్గర దావా నంబరు 214 అనా 274 అనా అని తెలియలేదు. ఇలాంటప్పుడు చూడాల్సింది అదే నంబరు కాగితంలో ఇంకెక్కడైనా ఉందా అని. కింద "సూచిక" దగ్గర మళ్లీ రాశారు, అక్కడ 1 స్పష్టంగా ఉంది. అదే చేత్తో రాసిన తేదీలోని 1తో కూడా పోల్చి చూశాను, కొక్కెం అక్కడా ఉంది. కాబట్టి 214.

రెండో చోటు లేకపోతే? అప్పుడు "2[1 లేదా 7]4" అని అలాగే కొట్టండి. రెండు నంబర్లతోనూ వెతకొచ్చు. ధైర్యంగా ఒకటి కొట్టేస్తే, అది తప్పని తెలుసుకునే దారి కూడా ఉండదు. మాటలు చదవలేకపోతే "[ఇక్కడ మూడు మాటలు చదవలేకపోయాను]" అని రాయండి. ఖాళీ వదిలేస్తే అక్కడ ఏమీ లేదనుకుంటారు.

అయ్యాక ఫోన్ చేసి అప్పజెప్పించుకోండి. మీరు టైప్ చేసింది చదవాలి, అవతల మనిషి కాగితం మీద వేలు పెట్టి చూడాలి. అంకెల్ని విడివిడిగా, "రెండు, ఒకటి, నాలుగు" అని చదవాలి. "రెండొందల పద్నాలుగు" అంటే చెవి సరిదిద్దేసుకుంటుంది. కాగితం ఇంకా బాగున్న రోజే ఈ పని చేయాలి, తర్వాత పోల్చి చూసుకోవడానికి ఏమీ మిగలదు.

ఎస్ఎంఎస్‌లో తెలుగు ఎంత పడుతుంది

డేటా లేకపోయినా వెళ్లేది ఎస్ఎంఎస్. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే. పైగా ఫోన్ లెక్కపెట్టే తీరు వేరు. గుణింతం, వత్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "లక్ష్మి" మనకి రెండక్షరాలు, ఫోన్‌కి ఏడు. 70 దాటితే మెసేజ్‌ని 67 చొప్పున ముక్కలు చేసి పంపుతుంది. సిగ్నల్ బాగా లేని చోట ఒక ముక్క వచ్చి ఇంకోటి ఆగిపోతే, వచ్చిన ముక్క కూడా సరిగ్గా కనిపించకపోవచ్చు.

అందుకే నేను ఎనిమిది లైన్లనీ ఒకే పెద్ద మెసేజ్‌గా కాకుండా చిన్న చిన్నవిగా పంపాను. మొదటిది ఇలా ఉంది.

1/6 దావా నం 214, తేది 12-06-2023, అందింది 19-06-2023

ముందున్న 1/6 తీసేస్తే ఇది 48 వస్తుంది, దాంతో కలిపినా 70 దాటదు. అది ఎందుకంటే, ఆరింట్లో ఎన్ని వచ్చాయో, ఏది రాలేదో అవతలివాళ్లకి తెలియాలి. నంబర్లు, తేదీలు మొదటి మెసేజ్‌లోనే పెట్టడానికీ కారణముంది. కొన్ని పాత కీప్యాడ్ ఫోన్లలో తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తాయి, అంకెలు మాత్రం చక్కగా వస్తాయి. ముందే ఒక మెసేజ్ పంపి "తెలుగు కనిపిస్తోందా" అని అడగడం మేలు. కనిపించకపోతే చదివి వినిపించండి, అవతల నోట్‌బుక్‌లో రాసుకోమనండి. నోట్‌బుక్ కూడా అక్షరమే కదా.

ఇంకొకటి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు కాగితంలో ఉంటే చివరి నాలుగంకెలే కొట్టండి. గుర్తుపట్టడానికి అవి సరిపోతాయి.

దీనికి హద్దులున్నాయి

మనం టైప్ చేసింది సాక్ష్యం కాదు. దాని మీద సీలు లేదు, సంతకం లేదు. ఏ ఆఫీసూ దాన్ని లెటర్‌గా ఒప్పుకోదు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు. అది చేసే పని రెండే. సలహా చెప్పేవాళ్లకి దూరం నుంచే విషయం అర్థమయ్యేలా చేస్తుంది. అసలు కాగితం నకలు ఎక్కడ, ఏ నంబరుతో అడగాలో చెబుతుంది.

ఆ రెండోది చిన్న సంగతి కాదు. సమాచార హక్కు చట్టం కింద నకలు అడగొచ్చు. జిల్లా స్థాయి ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ "మా మావయ్యకి ఏదో లెటర్ వచ్చింది, నకలివ్వండి" అని రాస్తే ఏ ఫైలని తీస్తారు? ఫలానా ఆఫీసు, ఫలానా నంబరు, ఫలానా తేదీ అని రాస్తేనే ఫైలు దొరుకుతుంది. అర్జీతో పాటే మావయ్య ఈ దరఖాస్తూ పెట్టాడు. నకలు సెప్టెంబరులో వచ్చింది. పక్కన ఎస్ఎంఎస్ పెట్టుకుని చూస్తే నంబరు, తేదీ, కారణం మూడూ కలిశాయి.

అర్జీ ఇచ్చిన రోజు ఆఫీసులో రసీదు ఇచ్చారు. దాని మీద కూడా నంబరు, తేదీ, తీసుకున్నవాళ్ల హోదా ఉన్నాయి. మావయ్య మనవరాలు పదో తరగతి చదువుతోంది. బస్టాండ్‌లో బస్సు కోసం నిలబడే ఆ మూడూ టైప్ చేసి, వాళ్ల తాతయ్యకీ, మామకీ, నాకూ పంపింది. ముందు 1/1 అని పెట్టింది. చివర్లో, "ఫొటో తర్వాత పంపుతా, ఇక్కడ నెట్ లేదు" అని ఉంది.